దారం తిరిగితే మెరుపూ మారాలి

ఫొటో ఎడిటర్ ఉద్యోగానికి వెళ్లారు. ‘ఈ చొక్కా మీద కుట్టిన పేరు మార్చండి’ అని ఓ ఫొటో ఇచ్చారు. ఏం చేస్తారు? కొత్త పేరు టైపు చేసి దారం టెక్స్చర్ అద్దేస్తే, అది కుట్టినట్టు కాదు, అచ్చేసినట్టు కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. దుత్తలూరులో ఓ ఎంబ్రాయిడరీ షాపు ఉందనుకోండి. నీలం టీషర్టు మీద తెల్ల దారంతో ‘దుత్తలూరు’ అని కుట్టిన ఫొటో వాళ్ల దగ్గరుంది. ‘ఉదయగిరి’ అని కుడితే ఎలా ఉంటుందో కస్టమరుకు ముందే చూపించాలి.

ముందుగా పాత అక్షరాలు తీసేయాలి. కొత్త లేయర్ మీద Clone Stamp వాడండి. గుడ్డను ఎక్కడి నుంచో తేకండి. అదే మడత మీద, అంతే వెలుగున్న చోటు నుంచి తీసుకోండి. నేత గీతలు కలవకపోతే అతుకు తెలిసిపోతుంది.

అసలు చిక్కు దారం దగ్గరే. ఇలాంటి పేర్లను ఎక్కువగా శాటిన్ కుట్టుతో కుడతారు. అందులో దారం గీత పొడవునా పోదు, గీతకు అడ్డంగా పడుతుంది. ఇంగ్లిష్ ‘ఐ’ లాంటి నిలువు గీతైతే దారాలన్నీ ఒకే దిక్కున ఉంటాయి. మన అక్షరాలేమో గుండ్రన. ‘ద’ చుట్టూ వెళ్తుంటే దారం దిశ అడుగడుగునా తిరుగుతుంది. అందుకే దారాన్ని కొత్తగా గీయకుండా, ఫొటోలోని ‘ద’, ‘ర’ల వంపుల నుంచే ముక్కలు కోసి, వార్ప్‌తో వంచి ‘య’, ‘గి’ కట్టుకోవడం మేలు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ముక్కను 90 డిగ్రీలు తిప్పితే దారం దిశ సరిపోతుంది గానీ, మెరుపు తప్పుతుంది. ఫొటోలో వెలుగు ఎడమ వైపు నుంచి వస్తోందనుకుందాం. ‘ద’ అడుగు వంపులో దారాలు నిలువుగా ఉంటాయి కాబట్టి ఆ భాగమంతా మెరుస్తుంది. పక్క గీతల్లో దారాలు అడ్డంగా ఉంటాయి. అక్కడ ఎడమ అంచే మెరిసి, కుడి అంచు మసకబారుతుంది. అడుగు ముక్కను పక్కకు తెస్తే Curves తో మెరుపు తగ్గించి, కుడి అంచును నల్లబరచాలి. అద్దంలోలా తిప్పేశారో, ఉబ్బిన దారం నీడ వెలుగొచ్చే వైపే పడుతుంది!

చివరగా మడత. గుడ్డ మీది నీడ అక్షరం దగ్గర ఆగిపోకూడదు. అక్షరాలకే పరిమితమయ్యేలా పైన ఓ లేయర్ పెట్టి, దాన్ని Multiply లోకి మార్చండి. మెత్తని బూడిద రంగు బ్రష్‌తో మడత నీడను ఒక వైపు గుడ్డ నుంచి రెండో వైపు గుడ్డ దాకా కొనసాగించండి.

వాట్సాప్‌లో కుదించుకుపోయిన ఫొటోలో దారాలు విడివిడిగా కనబడవు. అప్పుడు ఒరిజినల్ ఫైలు అడగండి. అది దొరక్కపోతే దారాల జోలికి పోకుండా వెలుగునీడలు మాత్రం సరిచేయండి. చుట్టూ మసకగా ఉన్న గుడ్డ మీద మీ అక్షరాల్లో ఒక్కో దారం లెక్కపెట్టేలా ఉంటే, చూసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.