తెర మీద సున్నా, డ్రమ్ములో వెలితి

చెరకు మిల్లుల్లో కొత్త బాయిలర్ బిగించాక దాన్ని నడిపి చూసి, ఆపరేటర్లకు అప్పగించి రావడం నా ఉద్యోగం. అప్పగింత రోజున బీరువాకు సరిపడా ఫైళ్లు ఇస్తాం. వాటిని ఎవరూ తెరవరు, నేను ఆపరేటరునైనా తెరవను. అందుకే నాలుగు పేజీల నోట్ ఒకటి విడిగా రాసి కంట్రోల్ రూమ్‌లో పెట్టి వస్తాను. అందులో సగానికి పైగా ఒక్క విషయమే ఉంటుంది: స్టీమ్ డ్రమ్ములో నీటిమట్టం.

డ్రమ్ము అంటే బాయిలర్ నెత్తిన పడుకోబెట్టిన పెద్ద ఉక్కు పీపా. కింది సగం నీళ్లు, పై సగం ఆవిరి. నీళ్లు తగ్గితే కింద పిప్పి మంటలో ఉన్న గొట్టాలకు నీరందక అవి కాలి పగులుతాయి. ఎక్కువైతే ఆవిరితో పాటు నీళ్లు కొట్టుకుపోయి టర్బైన్ రెక్కల మీద పడతాయి. మధ్య గీతను సున్నా అంటాం. నేను చెప్పబోయే బాయిలర్ గంటకు 40 టన్నుల ఆవిరి చేస్తుంది, పీడనం 45 బార్లు. డ్రమ్ము పొడవు 8 మీటర్లు, వ్యాసం మీటరున్నర. మట్టం సున్నాకు 150 మిల్లీమీటర్లు దిగితే మంట ఆపేసే ట్రిప్ పడుతుంది. ఆ 150 మిల్లీమీటర్లలో ఉండే నీరు సుమారు 1.4 టన్నులు. పూర్తి లోడులో నీళ్లు ఒక్కసారిగా ఆగిపోతే అది రెండు నిమిషాల్లో ఖర్చవుతుంది. అదే, వెళ్లాల్సిన దానికన్నా పదోవంతు తక్కువ వెళుతుంటే ఇరవై నిమిషాలు పడుతుంది. ఆపరేటరుకు ఉండే వ్యవధి ఈ రెండు అంకెల మధ్యే.

ఇక లూప్. తెర మీద మూడు మాటలు కనిపిస్తాయి: MAN, AUTO, CAS. మాన్యువల్‌లో ఉంటే నీటి వాల్వ్ ఎంత తెరవాలో మీరే చెప్పాలి. 55 శాతం అంటే 55 దగ్గరే నిలుస్తుంది, డ్రమ్ము ఎండినా అది కదలదు. ఆటోలో పెడితే మీరు మట్టం చెబుతారు, వాల్వ్ సంగతి కంట్రోలర్ చూసుకుంటుంది. కాస్కేడ్‌లో ఇద్దరు కంట్రోలర్లు ఉంటారు. పై కంట్రోలర్ మట్టాన్నీ, బయటికి పోతున్న ఆవిరినీ చూసి, లోపలికి ఎన్ని టన్నుల నీళ్లు కావాలో లెక్క చెబుతుంది. కింది కంట్రోలర్ ఆ లెక్క ప్రకారం వాల్వ్ తిప్పుతుంది.

మట్టం ఒక్కటి చూస్తే చాలదా, ఆవిరి లెక్క ఎందుకు? గోళీ సోడా కొట్టినప్పుడు గమనించండి. సీసాలో చుక్క కూడా పోయకుండానే నురగ మెడ దాకా లేస్తుంది. టర్బైన్ ఒక్కసారిగా ఎక్కువ ఆవిరి లాగితే డ్రమ్ములోనూ అంతే: పీడనం పడిపోయి నీళ్లలోని బుడగలు ఉబ్బుతాయి, మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి నీళ్లు తరిగిపోతున్నాయి. అప్పుడు మాన్యువల్‌లో ఉన్న కొత్త ఆపరేటర్ వాల్వ్ మూస్తాడు. బుడగలు అణగగానే మట్టం ధడాలున పడుతుంది. నోట్‌లో ఇక్కడ ఎర్ర సిరాతో రాస్తాను: లోడు మారిన మొదటి నిమిషంలో మట్టాన్ని కాదు, ఆవిరి, నీళ్ల టన్నులను పక్కపక్కన చూడండి.

సెన్సార్ చెడిపోవడంలో రెండు రకాలున్నాయి. ట్రాన్స్‌మిటర్ మట్టాన్ని 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటుగా పంపుతుంది. తీగ తెగితే కరెంటు సున్నాకు పడుతుంది, తెర మీద BAD PV అని వస్తుంది, లూప్ తనంతట తానే మాన్యువల్‌కు దిగి వాల్వ్‌ను ఉన్నచోటే ఉంచుతుంది. ఇది మంచి చావు, అందరికీ తెలిసి చస్తుంది. లోడు మారనంతవరకు మీకు కొంత సమయం దొరుకుతుంది.

రెండోది అబద్ధం. ఈ ట్రాన్స్‌మిటర్ రెండు సన్న గొట్టాల మధ్య ఒత్తిడి తేడాను కొలుస్తుంది. ఒక గొట్టం డ్రమ్ము అడుగు నుంచి వస్తుంది. రెండోది పైన ఆవిరి దగ్గర మొదలవుతుంది, అందులో చల్లబడిన నీరు ఎప్పుడూ నిండుగా నిలిచి ఉంటుంది. డ్రమ్ము ఖాళీ అయితే తేడా ఎక్కువ, నిండితే తక్కువ. ఆ నిండు గొట్టం కింద డ్రెయిన్ వాల్వ్ కారినా, రెండు గొట్టాలనూ కలిపే వాల్వ్ సరిగా మూసుకోకపోయినా తేడా తగ్గుతుంది. తేడా తగ్గితే ట్రాన్స్‌మిటర్‌కు తెలిసిన అర్థం ఒకటే: డ్రమ్ము నిండుతోంది. కరెంటు 4, 20 మధ్యే ఉంటుంది కాబట్టి ఏ అలారం దాన్ని తప్పుపట్టదు.

ఒక మిల్లులో ఇలాగే జరిగింది. మూడు ట్రాన్స్‌మిటర్లుండేవి, కంట్రోలర్ మధ్య విలువ తీసుకునేది. ఒకదాన్ని కాలిబ్రేషన్‌కు విప్పారు. రెండే మిగిలితే సగటు తీసుకోవాలని ప్రోగ్రామ్ రాసింది నేనే. ఆ రెండింట్లో ఒకదాని వాల్వ్ మెల్లగా కారడం మొదలైంది. అది ప్లస్ 60 చూపింది. కంట్రోలర్ నీళ్లు తగ్గించింది. మంచిది మైనస్ 60కి దిగింది. సగటు సున్నా! తెర మీద గీత తాడు కట్టినట్టు తిన్నగా ఉంది. రెండింటికీ తేడా ఉందని అలారం వచ్చింది. కానీ అది స్టార్టప్ రోజుల నుంచి రోజూ పదిసార్లు ఊరికే మోగేది, చూడకుండానే నొక్కేయడం అలవాటైపోయింది. ట్రిప్ కూడా పడేది కాదు, దానికి రెండూ ఒప్పుకోవాలి. పైన గేజ్ గ్లాస్ దగ్గరికి వెళ్లిన ఫైర్‌మన్ ఫోన్ చేశాడు: "సార్, గ్లాసులో నీళ్లు కనబడట్లేదు, మీకక్కడ ఎంత చూపిస్తోంది?"

అప్పటికి మంచిది మైనస్ 130. మంట తగ్గించి, మాన్యువల్‌కు మార్చి, నీళ్లు మెల్లగా పెంచి బయటపడ్డాం. గ్లాసులో నీరు డ్రమ్ములో కన్నా చల్లగా, బరువుగా ఉంటుంది కాబట్టి అసలు మట్టం కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది. ఆ రోజు అది మా పక్షానే నిలిచింది.

ఆ తర్వాత నోట్ మార్చాను, ప్రోగ్రామూ మార్చాను. రెండే మిగిలి, వాటి తేడా 50 మిల్లీమీటర్లు దాటితే లూప్ మాన్యువల్‌కు దిగుతుంది. ఎవరు అబద్ధమాడుతున్నారో కంట్రోలర్‌కు తెలియదు, గ్లాసు చూసొచ్చిన మనిషికి తెలుస్తుంది. రెండే ఉన్నప్పుడు ట్రిప్‌కు ఏ ఒక్కటి చెప్పినా చాలు. ఉత్తినే ప్లాంటు ఆగుతుందని యాజమాన్యం గొణిగింది, ఆగనివ్వండి అన్నాను. నీటి టన్నులు ఆవిరి టన్నుల కన్నా తక్కువగా ఉంటూ, మట్టం మాత్రం ఐదు నిమిషాలు కదలకుండా ఉంటే తెరను నమ్మొద్దని రాశాను. బ్లోడౌన్‌కు పోయేది కలుపుకుంటే, వెళ్లే నీళ్లు ఎప్పుడూ ఆవిరి కన్నా కొంచెం ఎక్కువే ఉండాలి. అసలు ఏ వణుకూ లేని గీత కూడా అనుమానించదగ్గదే, మరుగుతున్న నీళ్లు అంత బుద్ధిగా ఉండవు.

అలారాలను కోసేశాను. 1994లో బ్రిటన్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి పదకొండు నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు వచ్చాయి. మోగితే ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాయలేని అలారాన్ని నేను ఇప్పుడు ఉంచను. తేడా అలారం పక్కన ఉన్న వాక్యం ఇది: మాన్యువల్‌కు మార్చు, నీళ్లను ఆవిరికి సమానం చెయ్యి, గ్లాసు దగ్గరికి మనిషిని పంపు. మళ్లీ ఆటోకు వెళ్లేముందు సెట్‌పాయింట్‌ను అప్పుడున్న మట్టం దగ్గరే పెట్టండి, లేకపోతే మారిన క్షణాన వాల్వ్ ఎగిరిపడుతుంది.

మరుసటి సీజన్‌లో అదే మిల్లుకు వెళితే నోట్ చివర పెన్నుతో ఒక లైను కొత్తగా కనిపించింది, ఫైర్‌మన్ చేతిరాత: "గ్లాసు వెనక లైటు మాడిపోతే ఆ షిఫ్టులోనే మార్చాలి."