ఫొటో ఎవరిది, ముఖం ఎవరిది?

మీ ఊరి బతుకమ్మ మీద వ్యాసం రాశారనుకుందాం. చిత్తుప్రతి సిద్ధంగా ఉంది, నాలుగు ఫొటోలూ పెట్టారు. ప్రచురించే ముందు ఒక్కో ఫొటోకు రెండు ప్రశ్నలు వేసుకోండి. తీసిందెవరు? అందులో ఉన్నదెవరు? మొదటిది కాపీరైట్ సంగతి, రెండోది మనిషి ఇష్టం సంగతి. ఒకదానికి అనుమతి దొరికితే రెండోదానికీ దొరికినట్టు కాదు.

మొదటి ఫొటో గూగుల్‌లో దొరికింది. కింద ‘సౌజన్యం: గూగుల్’ అని రాశారు. గూగుల్ ఆ ఫొటో ఎక్కడుందో చూపించిందే తప్ప దాన్ని తీయలేదు. అసలు పేజీకి వెళ్లి, తీసినవారిని వెతికి అడగాలి. వారి పేరు వేసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. ఆచూకీ దొరక్కపోతే ఆ ఫొటో తీసేయడమే మంచిది.

రెండోది వికీమీడియా కామన్స్‌లోది. దాని కింద CC BY-SA 4.0 అని ఉంది. డబ్బు కట్టకుండా, ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు కానీ షరతులున్నాయి. తీసినవారి పేరు, లైసెన్సు పేరు, దాని లింకు ఇవ్వాలి. ఫొటోను మార్చి ఉంటే ఆ మాట చెప్పాలి, మార్చినదాన్ని అదే లైసెన్సు కింద ఇవ్వాలి.

మూడోది స్టూడియో ఫొటోగ్రాఫర్ తీసింది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా తీసినవారే హక్కుదారు. అయితే మీరు డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు మీదే. అందుకే స్టూడియోవాళ్లు ఇచ్చిన కాగితాల్లో ఏ షరతు ఉందో చదవండి. అదే ఫొటో పక్కింటి కుర్రాడు సరదాగా తీసి ఇస్తే మాత్రం హక్కు అతనిది. ఫొటోలో మీరున్నా సరే, అతన్ని అడగాల్సిందే.

నాలుగోది మీరే తీశారు కాబట్టి కాపీరైట్ చిక్కు లేదు. అసలు పని ఇక్కడే ఉంది. అందులో ఆరుగురు ఆడవాళ్లు, ఒక పాప ఉన్నారు, అందరి పేర్లూ ట్యాగ్ చేశారు. నలుగురి ముందు ఆడినంత మాత్రాన పేరుతో సహా ముఖాన్ని ఊరూరా చూపించమన్నట్టు కాదు. ఫొటో పంపించి, ఎక్కడ వేస్తున్నారో, పేరు పెట్టవచ్చో లేదో విడివిడిగా అడగండి. జవాబులు దాచుకోండి. పాప గురించి తల్లిదండ్రులను అడగాలి.

పెద్దమ్మ ‘‘ఫొటో ఏసుకో బిడ్డా, పేరు మాత్రం వద్దు’’ అంది. ట్యాగ్ తీసేశారు. కానీ ఫొటో కింది వాక్యంలోనూ, ఫైలు పేరులోనూ ఆమె పేరు అలాగే ఉండిపోతుంది. చాలామంది మరిచిపోయేది దీన్నే, అక్కడా చెరపాలి. ఇంకొకామె బదులివ్వలేదు. పలక్కపోవడం ఒప్పుకోవడం కాదు. ఆమె అంచున నిలబడి ఉంటే కత్తిరించవచ్చు, నడుమ ఉంటే వేరే ఫొటో చూసుకోవాలి. పూలను మాత్రమే దగ్గరగా తీసింది మీ ఫోన్‌లో ఉండే ఉంటుంది.