కొలను గదిలో ఆవిరి లెక్క

1985 మే 9న స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్ పట్టణంలో ఒక ఇండోర్ ఈతకొలను మీద కాంక్రీట్ సీలింగ్ ఉన్నపళంగా కూలింది. 12 మంది చనిపోయారు. ఆ భవనం వయసు 13 ఏళ్లే. సీలింగ్‌ను వేలాడదీసిన స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలే తెగిపోయాయి. కొలను గాలిలోని క్లోరిన్ సమ్మేళనాలు వాటి మీద పేరుకుని, తేమ తోడై, బరువు మోస్తున్న ఉక్కును సన్నగా చీల్చాయి. ఇలాంటి పగుళ్లు పైకి తుప్పులా కనబడాలని లేదు. పైగా సీలింగ్ వెనకకు వెళ్లి చూసేవాళ్లెవరు?

అందుకే కొలను గదికి మిషన్లు ఎంచుకునే ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి. గంటకు ఎన్ని లీటర్ల నీరు ఆవిరై గాల్లో కలుస్తోంది?

ఎయిర్ కండిషనింగ్ ఇంజనీర్ల అమెరికా సంఘం ఆష్రే దీనికి ఇచ్చిన సూత్రం చిన్నదే:

W = 4 × 10⁻⁵ × A × (Pw − Pa) × Fa

A కొలను వైశాల్యం, చదరపు మీటర్లలో. Pw నీటి ఉపరితలం దగ్గర ఆవిరి పీడనం, Pa గదిలోని గాలిలో ఉన్న ఆవిరి పీడనం, రెండూ కిలోపాస్కల్స్‌లో. Fa ఈతగాళ్ల సందడిని బట్టి మారే అంకె: ఇంటి కొలనుకు 0.5, హోటల్‌కు 0.8, స్కూలు కొలనుకు 1. జవాబు సెకనుకు కిలోల్లో వస్తుంది.

25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు ఉన్న స్కూలు కొలనునే తీసుకుందాం. వైశాల్యం 312.5 చదరపు మీటర్లు. నీరు 28 డిగ్రీలు, గాలి 30 డిగ్రీలు, గాలిలో తేమ 55 శాతం. నీటి దగ్గర పీడనం 3.78, గాలిలో 2.34, తేడా 1.44. గుణిస్తే సెకనుకు 0.018 కిలోలు, అంటే గంటకు సుమారు 65 లీటర్లు. ఆ నీరు ఊరికే పోదు, కొలనులోని వేడిని వెంటబెట్టుకుని పోతుంది. గంటకు దాదాపు 44 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి అది. నీళ్లు కాచే బిల్లులో పెద్ద వాటా దీనిదే.

బిల్లు తగ్గించాలని చాలామంది చేసే మొదటి పని గాలి వేడిని తగ్గించడం. అదే కొంప ముంచుతుంది. పై కొలనులోనే తేమ 55 శాతం దగ్గరే ఉంచి గాలిని 26 డిగ్రీలకు దించితే, గాలిలో ఆవిరి పీడనం 1.85కి పడిపోతుంది. తేడా 1.93కి పెరుగుతుంది. ఆవిరి గంటకు 65 లీటర్ల నుంచి 87 లీటర్లకు ఎగబాకుతుంది! గాలి మీద మిగిల్చింది నీటి మీద ఖర్చయిపోతుంది, తడి ఒంటితో బయటికొచ్చిన పిల్లలు వణుకుతారు. గాలి ఎప్పుడూ నీటికంటే ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉండాలనే నియమం ఇందుకే పుట్టింది. ఈతగాళ్లు లేని రాత్రివేళ కొలను మీద కవర్ కప్పడం అసలైన పొదుపు.

పుట్టిన ఆవిరిని ఏం చేయాలన్నది తర్వాతి సంగతి. 30 డిగ్రీలు, 55 శాతం తేమ ఉన్న గాలి 20 డిగ్రీల కంటే చల్లని దేన్ని తాకినా నీరు కడుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రి బయట 14 డిగ్రీలుంటే ఒంటిపొర కిటికీ అద్దం లోపలివైపు 18, 19 డిగ్రీలకు దిగి చెమరుస్తుంది. రెండు పొరల అద్దమైతే 24 దగ్గర ఆగుతుంది కాబట్టి పొడిగానే ఉంటుంది. వెచ్చని గాలిని అద్దాల వెంబడే వదలమనడం కూడా ఇందుకే. నీటి మీదికి వదిలితే ఆవిరి ఇంకా పెరుగుతుంది. పొద్దున్నే అద్దాల అంచుల్లో నీటిధారలు కనిపిస్తే, కనబడని సీలింగ్ వెనకా అదే జరుగుతోందని అనుమానించాలి.

చలిదేశాల్లో శీతకాలపు బయటి గాలి పొడిగా ఉంటుంది కనుక దాన్ని వేడిచేసి లోపలికి పంపితే సరిపోతుంది. మన కోస్తాలో ఆ ఉపాయం వానాకాలం పారదు. జులైలో విశాఖలో 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజు బయటి గాలిలో ఆవిరి పీడనం 3 దాటుతుంది. గదిలో ఉండాల్సింది 2.34 మాత్రమే. ఫ్యాన్లు తిప్పేకొద్దీ తేమ లోపలికే వస్తుంది. అలాగని బయటి గాలిని ఆపేయలేం, క్లోరమైన్ల ఘాటు పోవాలంటే అది కావాల్సిందే. గంటకు 4,000 ఘనపు మీటర్ల బయటి గాలి ఆ రోజు దాదాపు 20 లీటర్ల నీటిని మోసుకొస్తుంది. అంటే 65 లీటర్ల డీహ్యుమిడిఫయర్ చాలదు, 85 లీటర్లది కావాలి.

కంప్రెసర్‌తో నడిచే డీహ్యుమిడిఫయర్ గాలిని చల్లబరిచి నీటిని రాల్చి, అప్పుడు విడుదలైన వేడిని తిరిగి కొలను నీటికి, గదిగాలికి ఇస్తుంది. పోయిందనుకున్న 44 యూనిట్లు మళ్లీ చేతికొస్తాయి. వేసవిలో మాత్రం అంత వేడి అక్కర్లేదు, దాన్ని బయటికి పంపే కండెన్సర్ కూడా ఉండాలి.

కొలను కట్టిస్తున్న స్కూళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాలు కొటేషన్ మీద సంతకం పెట్టేముందు నీటి వేడి, గాలి వేడి, తేమ శాతం, Fa అంకె, జులై నెల బయటి గాలి లెక్క కాగితం మీద రాసిమ్మని కాంట్రాక్టరును అడగండి. ఆ ఐదింట్లో ఒక్కటి లేకపోయినా సంతకం పెట్టకండి.