తాళంచెవుల నుంచి గేటు దాకా: ఫోకస్ మార్చే షాట్‌ను కాగితం మీద ఎలా రాయాలి?

1967లో వచ్చిన ‘ది గ్రాడ్యుయేట్’ సినిమాలో ఒక షాట్ ఉంది. బెంజమిన్ తను దాచిన సంబంధం గురించి ఎలైన్‌కు చెప్పలేక తడబడుతుంటాడు. ఆ అమ్మాయి వెనక, తలుపు దగ్గర, వర్షంలో తడిసి పాలిపోయిన ముఖంతో ఆమె తల్లి నిలబడి ఉంటుంది. ఎలైన్ వెనక్కి తిరిగి తల్లిని చూస్తుంది. ఫోకస్ తల్లి ముఖం మీదికి వెళుతుంది. ఎలైన్ మళ్లీ ఇటు తిరిగినా ఫోకస్ వెంటనే ఆమె మీదికి రాదు. కొన్ని క్షణాలు ఆమె ముఖం మసకగానే ఉండి, తర్వాత నెమ్మదిగా తేటపడుతుంది. ఆమెకు విషయం అర్థమవుతున్న వేగమూ ముఖం తేటపడే వేగమూ ఒకటే. దర్శకుడు మైక్ నికోల్స్, ఛాయాగ్రాహకుడు రాబర్ట్ సర్టీస్ కలిసి ఒక్క డైలాగు లేకుండా చెప్పిన సంగతి ఇది.

ఇలా కెమెరాను కదపకుండా, కట్ చేయకుండా, లెన్స్ ఫోకస్ రింగు తిప్పి దగ్గరి వస్తువు నుంచి దూరపు మనిషి మీదికి చూపు మళ్లించడాన్ని రాక్ ఫోకస్ అంటారు. మన సెట్లలో ‘ఫోకస్ షిఫ్ట్’ అన్నా అర్థమవుతుంది. ఫోకస్ పుల్ అనే మాట పరిధి ఇంకా పెద్దది. నడిచొస్తున్న నటుడి ముఖం చెదరకుండా అడుగడుగునా రింగు తిప్పుతూ ఉండడం కూడా ఫోకస్ పుల్లే. ఆ పని చేసే సహాయకుడే ఫోకస్ పుల్లర్.

కొత్తగా రాసేవాళ్లు ఈ షాట్‌ను ఎక్కువగా ఇలా రాస్తారు: ‘తాళంచెవుల మీద నుంచి ఫోకస్ కొడుకు మీదికి మారుతుంది.’ చదవడానికి బాగానే ఉంటుంది. కానీ సెట్‌లో ఈ వాక్యం పట్టుకుని ఎవరూ పని చేయలేరు. కొడుకు అప్పటికే ఫ్రేములో ఉన్నాడా, అప్పుడే వచ్చాడా? ఫోకస్ ఏ క్షణాన కదలాలి? రింగు చటుక్కున తిప్పాలా, మెల్లగానా? కెమెరా కదలకూడదని లేదు కాబట్టి ఒకరు దీన్ని జూమ్ అనుకోవచ్చు, మరొకరు ట్రాలీ వేయించవచ్చు.

అదే షాట్ లిస్టులో ఇలా ఉంటే సందేహాలకు చోటుండదు:

‘50 ఎం.ఎం. లెన్స్, కెమెరా స్థిరం. ముందు, ఫ్రేములో ఎడమవైపు, మీటరు దూరంలో అరుగు మీద తాళంచెవుల గుత్తి, స్పష్టంగా. వెనక కుడివైపు, ఐదు మీటర్ల దూరంలో గేటు, మసకగా. గేటు గడియ చప్పుడు. ఒక క్షణం ఆగి, రెండు సెకన్లలో ఫోకస్ గుత్తి నుంచి గేటు దగ్గరున్న కొడుకు ముఖానికి. గుత్తి మసకగా ఫ్రేములోనే ఉంటుంది. అతను లోపలికి అడుగు పెట్టేదాకా ఫోకస్ అక్కడే.’

ఇందులో అన్నిటికన్నా విలువైన మాట ‘గేటు గడియ చప్పుడు’. ఫోకస్ కదలడానికి కథలోనే ఒక కారణం ఉండాలి. చప్పుడు విని ప్రేక్షకుడికి అటు చూడాలనిపించిన తర్వాత ఫోకస్ కదిలితే ఆ కదలికను ఎవరూ గమనించరు. అందుకే ఆ ‘ఒక క్షణం ఆగి’. ఫోకస్ ముందే కదిలిందంటే కొడుకు వస్తాడని కెమెరాకు ముందే తెలిసినట్టుంటుంది, యూనిట్ కనిపించిపోతుంది.

దూరాలు రాయడం వెనక లెక్క ఉంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 50 ఎం.ఎం. లెన్స్ పెట్టి, ఎపర్చర్ ఎఫ్/2 దగ్గర ఉంచితే, మీటరు దూరంలో స్పష్టంగా కనిపించే లోతు మొత్తం సుమారు ఐదు సెంటీమీటర్లే. గుత్తి అటూఇటూ అంగుళం జరిగినా పదును పోతుంది. ఐదు మీటర్ల దగ్గర మాత్రం సుమారు నాలుగున్నర నుంచి అయిదున్నర మీటర్ల దాకా స్పష్టమే. అంటే గేటు దగ్గర నటుడు గుర్తు మీద నుంచి అర అడుగు తప్పి నిలబడ్డా షాట్ చెడిపోదు. దగ్గరి నుంచి దూరానికి వెళ్లే షిఫ్ట్ కొత్తవాళ్లకు అనువుగా ఉండడానికి కారణం ఇదే. ముందున్న వస్తువు కదలకుండా ఉంటే చాలు. అదే వస్తువును మనిషి చేతిలో పెట్టమని రాస్తే ఫోకస్ పుల్లర్ కష్టం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఎపర్చర్ ఎఫ్/8కి మూస్తే ముందు ఫోకస్ ఉన్నప్పుడే వెనక కొడుకు రూపం చాలావరకు తెలిసిపోతుంది, షిఫ్ట్‌లో సగం బలం పోతుంది. మధ్యాహ్నపు ఎండలో ఎఫ్/2 వాడాలంటే వెలుతురు తగ్గించే ఎన్.డి. ఫిల్టర్ తప్పదు. ఆ మాట షాట్ పక్కనే రాసి పెట్టుకుంటే మంచిది.

ఫోన్‌తో తీసేవాళ్లకు సమస్య మరోలా వస్తుంది. ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి లెన్స్ కూడా చాలా పొట్టిది. మీటరు దూరం, ఐదు మీటర్లు రెండూ ఇంచుమించు స్పష్టంగానే పడతాయి, మార్చడానికి మసక మిగలదు. గుత్తిని లెన్స్‌కు జానెడు దూరానికి తెచ్చి గేటును వీలైనంత వెనక్కి నెడితేనే తేడా కనిపిస్తుంది. 2021లో ఐఫోన్ 13తో వచ్చిన సినిమాటిక్ మోడ్ ఈ మసకను లెక్కగట్టి కలుపుతుంది. జుట్టు అంచుల దగ్గర, గాజు వస్తువుల దగ్గర అది తేలిగ్గా బయటపడుతుంది.

సెట్ మీద పని ఇలా సాగుతుంది. కెమెరా ఒంటి మీద సెన్సర్ ఉన్న చోటును చూపే గుర్తు ఉంటుంది. టేపు అక్కడి నుంచి పట్టి గుత్తి దాకా, నటుడి కళ్ల దాకా కొలుస్తారు. ఫాలో ఫోకస్ చక్రం మీది తెల్ల రింగుపై రెండు గీతలు గీస్తారు, నటుడి కాళ్ల దగ్గర నేల మీద టేపు అతికిస్తారు. రిహార్సల్లో చూడాల్సినవి రెండు. రింగు రెండో గీత దాటి వెళ్లి వెనక్కి వస్తే నటుడి ముఖం ఒకసారి తేటపడి, మసకబారి, మళ్లీ తేటపడుతుంది. అది కళ్లకు వెంటనే తెలుస్తుంది, ఆ టేక్ పనికిరాదు. రెండోది, కొన్ని లెన్సుల్లో రింగు తిప్పగానే ఫ్రేము కాస్త పెద్దదో చిన్నదో అవుతుంది. దాన్ని బ్రీతింగ్ అంటారు. గోడ అంచులు, తలుపు చట్రం ఫ్రేము చివర్లలో ఉంటే ఈ లోపం ఎక్కువ కనిపిస్తుంది.

స్క్రీన్‌ప్లే రాసేవారికి ఈ కొలతలేవీ అక్కర్లేదు. అక్కడ వాక్యాల వరుసే ఫోకస్ రింగు పని చేస్తుంది: ‘అరుగు మీద తాళంచెవుల గుత్తి. గేటు గడియ చప్పుడు. గుత్తికి ఆవల, దూరంగా, గేటు పట్టుకుని కొడుకు.’ కెమెరా పేరెత్తకుండానే చదివేవాడి చూపు ముందు నుంచి వెనక్కి వెళ్లింది. ‘గుత్తికి ఆవల’ అన్న ముక్క వల్ల రెండూ ఒకే ఫ్రేములో ఉన్నాయని దర్శకుడికి తెలుస్తుంది.

రెండూ ఒకేసారి కనబడితేనే అర్థమయ్యే సన్నివేశంలో ఈ పద్ధతి పనికిరాదు. 1941 నాటి ‘సిటిజన్ కేన్’లో సూసన్ విషం తాగిన సన్నివేశం అలాంటిదే. ముందు పెద్దగా గ్లాసు, సీసా. నడుమ మంచం మీద సూసన్. చివర తలుపు తోసుకుని వచ్చే కేన్. కారణమూ ఫలితమూ ఒకే చూపులో పడాలి. అంత లోతు ఒక్క లెన్స్‌తో రాదు గనక ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ బృందం ముందు భాగాన్ని ఒకసారి, వెనక భాగాన్ని మరోసారి అదే ఫిల్మ్ మీద తీసింది. అక్కడ ఫోకస్ గ్లాసు మీద నుంచి తలుపుకు మళ్లి ఉంటే కేన్ వచ్చే వేళకు గ్లాసు మసకబారేది. మీ సన్నివేశంలోనూ ముందున్న వస్తువు మసకబారితే కథ దెబ్బతింటుందేమో చూసుకోండి. దెబ్బతింటుందనిపిస్తే ఫోకస్ షిఫ్ట్ అన్న మాట కొట్టేసి, ‘రెండూ స్పష్టంగా’ అని రాయండి.