ఒక్క వరుసలో కాజా

స్వెటర్ గుండీల పట్టీకి 101 కుట్లు, 6 కాజాలు అనుకుందాం. కాజాకు 3 చొప్పున 18, రెండు చివర్లా నాలుగేసి తీస్తే మిగిలేవి 75. ఐదు ఖాళీలకు పదిహేనేసి. అల్లిక సాగుతుంది కాబట్టి కాజా గుండీకంటే కాస్త చిన్నగానే ఉండాలి.

ఊలు ముందుకు తెచ్చి, ఒక కుట్టును అల్లకుండా కుడి సూదికి జరిపి, ఊలు వెనక్కి వదిలేయండి. మరో కుట్టు జరిపి, మొదటిదాన్ని దానిమీదుగా దాటించండి. ఇలా మూడు మూశాక, చివరి కుట్టును ఎడమ సూదికి తిరిగిచ్చి, అల్లిక తిప్పి, ఊలు వెనక్కి పెట్టి, రెండు కుట్ల నడుమనుంచి ఊలు లాగుతూ నాలుగు కొత్తవి ఎక్కించండి. నాలుగోదాన్ని సూదిపై పెట్టేముందు ఊలు ముందుకు తేవాలి. మళ్ళీ తిప్పి, తర్వాతి కుట్టును కుడికి జరిపి, అదనపు కుట్టును దానిమీదుగా దాటించండి. ఈ అదనపు కుట్టు మరిస్తే కాజా మూలలో వదులు ఉచ్చు కనిపిస్తుంది.