ఆఖరి మెట్రో ఎన్నింటికి?

2025 నవంబరు నుంచి హైదరాబాద్ మెట్రోలో ఆఖరి రైళ్లు అన్ని రోజుల్లోనూ రాత్రి 11 గంటలకు బయలుదేరుతున్నాయి. ఇది లైను మొదలయ్యే మియాపూర్, ఎల్‌బీ నగర్, నాగోల్, రాయదుర్గం, జేబీఎస్, ఎంజీబీఎస్ స్టేషన్లకు వర్తించే సమయం. నడుమ ఉన్న స్టేషన్‌కు ఆ రైలు 11 దాటాకే వస్తుంది. స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య ప్రయాణం దాదాపు రెండు నిమిషాలు. కాబట్టి ఒకే స్టేషన్లో రెండు దిక్కులకూ ఆఖరి రైలు వేర్వేరు సమయాల్లో ఉంటుంది.

లైను మారాల్సిన వారికే అసలు చిక్కు. ఉదాహరణకు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా చూసి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాలనుకుందాం. జేబీఎస్‌లో 11కు బయలుదేరిన గ్రీన్‌లైన్ రైలు సుమారు 11:08కి క్రాస్‌రోడ్స్‌కు, 11:16కి ఎంజీబీఎస్‌కు చేరుతుంది. అక్కడ ఎక్కాల్సిన రెడ్‌లైన్ ఆఖరి రైలు మియాపూర్ నుంచి పందొమ్మిదో స్టేషన్‌గా ఎంజీబీఎస్‌కు వస్తుంది కనుక 11:38 ప్రాంతానికి గానీ రాదు. మెట్లెక్కి దిగినా సమయం మిగులుతుంది.

అదే దారిలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి చిక్కడపల్లికి రావాలంటే లెక్క తిరగబడుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఖరి రైలు సుమారు 11:06కు ఉన్నా, అది ఎంజీబీఎస్ చేరేసరికి 11:14 అవుతుంది. గ్రీన్‌లైన్ అక్కడే మొదలవుతుంది కాబట్టి ఆఖరి బండి అప్పటికే 11కు వెళ్లిపోయి ఉంటుంది. ఇలా వెళ్లేవారు దిల్‌సుఖ్‌నగర్‌లో 10:42 లోపే రైలెక్కాలి.

అందుకే రాత్రి ప్రయాణం లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. దిగాల్సిన లైనులో ఆఖరి రైలు మారే స్టేషన్‌కు ఎన్నింటికి వస్తుందో ముందు చూసుకోవాలి. అందులోంచి ప్లాట్‌ఫాం మారడానికి పది నిమిషాలు, మొదటి రైలు ప్రయాణ సమయం తీసేస్తే బయలుదేరాల్సిన వేళ తెలుస్తుంది. అంతకన్నా ఒక రైలు ముందుది ఎక్కితే, ఆలస్యమైనా దారి మిగులుతుంది. పండగలకు, ఉప్పల్‌లో క్రికెట్ మ్యాచ్‌లకు వేళలు పొడిగిస్తుంటారు. ఆ రోజుల్లో ప్రకటన చూసుకోవాలి. సెకండ్ షో అర్ధరాత్రి దాటాక వదులుతుంది కనుక ఆటోనో, క్యాబో ముందే అనుకుని వెళ్లడం మేలు.

రాత్రంతా నడపకపోవడానికి కారణం ఉంది. హైదరాబాద్ మెట్రోకు ఒక్కో దిక్కుకు ఒకే ట్రాక్ ఉంది. పట్టాలు, పైనున్న విద్యుత్ తీగలు పరీక్షించి బాగుచేయాలంటే కరెంటు ఆపాలి. అందుకు దొరికేది ఆఖరి రైలుకూ తొలి రైలుకూ మధ్యనున్న కొద్ది గంటలే. న్యూయార్క్‌లో చాలా మార్గాల్లో నాలుగేసి ట్రాకులు ఉండటంతో ఒకవైపు పని జరుగుతుండగా మరోవైపు రైళ్లు తిరుగుతాయి. లండన్‌లో 2016 ఆగస్టు నుంచి రాత్రి రైళ్లు నడుపుతున్నా, అవి కొన్ని లైన్లలో శుక్ర, శనివారాలకే పరిమితం. మిగతా రాత్రులను పట్టాల పనికి వదిలేస్తారు.