మూడు పడకగదుల ఫ్లాటుకు రంగులు: అంచనా వేయడం ఎలా?

ఫ్లాటుకు మళ్లీ రంగులు వేయించాలనుకునే వారికి గుత్తేదారులు సాధారణంగా చెప్పే లెక్క ఒకటుంది. కార్పెట్ ఏరియాను మూడున్నరతో గుణిస్తే గోడలు, పైకప్పు కలిసిన విస్తీర్ణం వస్తుందని వారంటారు. ఈ పద్ధతి ప్రకారం 1,100 చదరపు అడుగుల ఫ్లాటులో రంగు వేయవలసిన విస్తీర్ణం 3,850 చదరపు అడుగులు.

టేపుతో కొలిస్తే లెక్క మారవచ్చు. ఉదాహరణకు 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు గల గది చుట్టుకొలత 46 అడుగులు. ఎత్తు 10 అడుగులైతే గోడల విస్తీర్ణం 460 చదరపు అడుగులు. తలుపు, కిటికీలకు 41 తీసివేస్తే 419 మిగులుతుంది. వంటగదిలో, స్నానాల గదుల్లో టైల్స్ ఉన్నంత మేర గోడను లెక్కలోకి తీసుకోనక్కర లేదు. ఇలా ప్రతి గదినీ కొలిచినప్పుడు గోడలు 2,300, పైకప్పు 1,000, మొత్తం 3,300 చదరపు అడుగులు తేలాయనుకుందాం. పైలెక్కకూ దీనికీ తేడా 550 చదరపు అడుగులు.

ఈ తేడా ప్రధానంగా కూలిపై పడుతుంది. చదరపు అడుగుకు కూలి 10 రూపాయలనుకుంటే 3,300 అడుగులకు 33,000 రూపాయలవుతుంది. 3,850కి లెక్కగడితే మరో 5,500 రూపాయలు అదనం. కొందరు మేస్త్రీలు తలుపులు, కిటికీల అంచుల పనికి బదులుగా వాటి విస్తీర్ణాన్ని తీసివేయరు. అది అన్యాయమేమీ కాదు కానీ, పని మొదలుకాక ముందే తేల్చుకోవలసిన విషయం.

రంగు విషయంలో పొరపాటు మరోచోట జరుగుతుంది. డబ్బాపై లీటరుకు 120 నుంచి 140 చదరపు అడుగులని ఉంటే, చాలా ఎమల్షన్లకు అది రెండు పూతలకు కలిపి ఇచ్చిన లెక్క. ఒక్క పూతకే అనుకుంటే రంగు రెట్టింపు కొనవలసి వస్తుంది. 120 చొప్పున గోడలకు సుమారు 19 లీటర్లు, పైకప్పుకు ఎనిమిదిన్నర లీటర్లలోపు చాలు. అంటే 20 లీటర్ల బకెట్ ఒకటి, 10 లీటర్లది ఒకటి. గోడల రంగు లీటరు 300, పైకప్పుది 200 రూపాయలైతే రంగుకయ్యే ఖర్చు 8,000. పుట్టీ, ప్రైమర్, గరుకు కాగితానికి 4,000 కలిపితే మొత్తం 45,000 రూపాయలు. ధరలు ఊరిని బట్టి మారినా, ఈ మొత్తంలో కూలిదే పెద్ద వాటా కావడం గమనించదగినది.

ముదురు రంగుపై లేత రంగు వేస్తే మూడో పూత తప్పకపోవచ్చు. గోడలన్నిటికీ అయితే మరో 10 లీటర్ల రంగు, దానికి తగిన కూలి అవసరమవుతాయి. గోడను అరచేతితో రుద్దినప్పుడు తెల్లని పొడి అంటుకుంటే, అక్కడ ప్రైమర్ లేకుండా కొత్త రంగు నిలవదు. పాత రంగు ఉబ్బి, ఉప్పెక్కిన చోట కారణం నీటి ఊట. పైఫ్లాటు స్నానాల గదిలోనో, బయటి గోడ పగులులోనో ఉన్న ఆ లీకేజీని ముందుగా సరిచేయించి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఆ మరమ్మతు ఖర్చు ఈ 45,000లో చేరలేదు.